పొదుపు సంఘం కొత్త లీడరు తొలి మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు బస్తీల్లో డ్వాక్రా గ్రూపు లీడరు మారిన ప్రతిసారీ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. బ్యాంకు లోను నడుస్తుండగా మధ్యలో లీడరు మారే సంఘాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. లెక్కలు అర్థం కావడానికి సింగ్‌నగర్‌లో పది మంది సభ్యులున్న సంఘాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. ఏ ప్రశ్న కావాలంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## సమావేశానికి ముందు

నేను మాట్లాడాల్సింది తీర్మానానికి ముందా, తర్వాతా?

తర్వాతే. ముందు హాజరు వేయాలి. ఆ నెల పొదుపు, వాయిదా డబ్బులు వసూలు చేయాలి. పాత లీడరు లెక్క చదవాలి. ఆ తర్వాత లీడరు మార్పు తీర్మానం పుస్తకంలో రాసి, అందరికీ చదివి వినిపించి, సంతకాలు చేయించాలి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయాలి. కొత్త లీడరు లేచి మాట్లాడాల్సింది అప్పుడు.

వరస తప్పితే ఇబ్బంది వస్తుంది. సంతకాలు కాకముందే "లీడరుగా నేను" అని మొదలుపెడితే, మనసులో అభ్యంతరం ఉన్నవాళ్లకు దాన్ని చెప్పే వీలుండదు. అప్పటికి మొహమాటానికి ఊరుకుంటారు గానీ, బ్యాంకు పని మీద సంతకానికి పిలిచిన రోజు రారు. పైగా డబ్బు వసూలు కాకుండా ఉపన్యాసం మొదలైతే, తొందరలో ఉన్నవాళ్లు డబ్బు పక్కావిడ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆ నెల లెక్కలో తేడా అక్కడే మొదలవుతుంది.

ఎంతసేపు మాట్లాడాలి?

మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. పొడుగు నోటుబుక్కులో ఒకటిన్నర పేజీ రాసుకుంటే సరిపోతుంది. ఇంట్లో ఒకసారి పైకి చదివి ఫోనులో టైము చూసుకోండి. మనసులో చదువుకుంటే సగం టైములోనే అయిపోయినట్టు అనిపిస్తుంది, దాన్ని నమ్మకండి.

ప్రసంగంలో లెక్కలు చెప్పాలా? ధన్యవాదాలు చెప్పి కూర్చుంటే సరిపోదా?

చెప్పాలి. తొలి మాటలో మిగతాదంతా క్లుప్తంగా ఉన్నా ఫరవాలేదు గానీ ఇది మాత్రం వదలకూడదు. బాధ్యత తీసుకున్న రోజున సంఘం డబ్బు ఎంత ఉంది, ఎక్కడ ఉంది, బ్యాంకుకు ఎంత కట్టాలి అన్నది పది మంది ముందూ చెప్తే, అంతకుముందు జరిగినదానికీ ఇకపై జరిగేదానికీ మధ్య గీత పడుతుంది. అది కొత్త లీడరుకు ఎంత రక్షణో పాత లీడరుకూ అంతే. చెప్పకపోతే ఏడాది తర్వాత తేడా వచ్చినప్పుడు అది ఎవరి హయాంలోదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

సింగ్‌నగర్ సంఘం లెక్క ఇలా ఉందనుకోండి. పది మంది నెలకు రూ.200 చొప్పున 60 నెలలు పొదుపు కట్టారు. అది రూ.1,20,000. సభ్యులు తమలో తాము తీసుకున్న సొంత అప్పుల మీద వచ్చిన వడ్డీ రూ.26,000. మొత్తం సంఘం నిధి రూ.1,46,000. ఇందులో నలుగురు సభ్యుల దగ్గర అప్పుగా ఉన్నది రూ.90,000, సేవింగ్స్ ఖాతాలో ఉన్నది రూ.55,400, చేతిలో ఉన్నది రూ.600. ఈ మూడూ కలిపితే మళ్లీ రూ.1,46,000 రావాలి. వస్తేనే లెక్క కుదిరినట్టు.

బ్యాంకు లోను సంగతి విడిగా చెప్పాలి. రూ.5,00,000 తీసుకున్నారు, ఒక్కొక్కరికి రూ.50,000 వచ్చింది. నెల వాయిదా రూ.16,700, అంటే మనిషికి రూ.1,670. 14 వాయిదాలు అయ్యాయి, ఇంకా 22 ఉన్నాయి. పొదుపు డబ్బునూ లోను డబ్బునూ ఒకే వాక్యంలో కలిపి చెప్పకండి. వినేవాళ్లకు "మన లక్షన్నర లోనులో పోయిందా?" అన్న అనుమానం వస్తుంది.

ఆ అంకెలు ఎక్కడి నుంచి తీసుకోవాలి? పాత లీడరు చెప్పినవి రాసుకుంటే చాలా?

నోటిమాట సరిపోదు. సమావేశానికి రెండు మూడు రోజుల ముందు పాత లీడరూ మీరూ కలిసి బ్యాంకుకు వెళ్లి సేవింగ్స్ పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించండి. లోను ఖాతాలో ఆ రోజుకు బాకీ ఎంతో అడిగి రాయించుకోండి. ఒక్కరే వెళ్తే "వెనకాల కూపీ లాగుతోంది" అన్న మాట పడొచ్చు. కలిసి వెళ్తే ఆ మాటకు తావుండదు.

సొంత అప్పుల అంకెను అప్పుల రిజిస్టరు నుంచి తీసుకుని, అప్పు తీసుకున్న ఒక్కొక్కరి వ్యక్తిగత పాస్‌బుక్కుతో సరిచూడండి. నలుగురే కాబట్టి అరగంట పని. చేతి నగదును సమావేశంలోనే అందరి ముందూ లెక్కపెట్టించాలి.

పాస్‌బుక్కులో ఒక అంకె, సంఘం పుస్తకంలో ఇంకో అంకె ఉంది. ఏం చేయాలి?

కంగారు పడకుండా తేడా ఎంతో చూడండి. చాలాసార్లు ఆ అంకెలోనే కారణం కనిపిస్తుంది.

సంఘం పుస్తకం ప్రకారం బ్యాంకులో రూ.57,000 ఉండాలి, పాస్‌బుక్కులో రూ.55,400 ఉంది. తేడా రూ.1,600. ఇది 200కు ఎనిమిది రెట్లు. అంటే ఎనిమిది మంది పొదుపు వసూలై, పుస్తకంలో జమ అయ్యి, బ్యాంకులో మాత్రం పడలేదన్నమాట. డబ్బు ఎవరి ఇంట్లోనో డబ్బాలో ఉండి ఉంటుంది. తేడా 1,670 గానీ దాని రెట్టింపు గానీ అయితే లోను వాయిదా వైపు వెతకాలి. 118 లాంటి అంకె అయితే బ్యాంకు కోత: వంద రూపాయల చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. పాస్‌బుక్కులోనే ఎక్కువ ఉంటే, బ్యాంకు వేసిన సేవింగ్స్ వడ్డీ పుస్తకంలో రాయలేదేమో చూడండి. లేదా మీరిచ్చిన చెక్కును అవతలివాళ్లు ఇంకా మార్చుకుని ఉండరు.

సమావేశంలోపు కారణం దొరక్కపోతే దాచొద్దు, ఎవరినీ అనొద్దు. "పాస్‌బుక్కు ప్రకారం రూ.55,400. మన పుస్తకంతో రూ.1,600 తేడా ఉంది. ఇద్దరం కూర్చుని వచ్చే సమావేశంలోపు తేలుస్తాం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. తేలని అంకెను తేలినట్టు చదివితే ఆ తేడా మీ నెత్తినే పడుతుంది.

## మాట్లాడేటప్పుడు

ఎలా మొదలుపెట్టాలి? "సభాధ్యక్షులకు" అనాలా?

పది మంది చాప మీద కూర్చునే సమావేశంలో ఆ మాట అతకదు. "అందరికీ నమస్కారమండి" చాలు. మెప్మా ఆర్పీ గారో, స్లమ్ సమాఖ్య అధ్యక్షురాలో వస్తే వాళ్లకు ముందుగా ఒక్క నమస్కారం చెప్పి సభ్యుల వైపు తిరగండి. రోజూ ఎలా పిలుస్తారో అలాగే పిలవండి: పిన్ని, అక్క, వదిన. వీధిలో "వదినా" అని పిలిచే మనిషిని సమావేశంలో "గౌరవనీయ సభ్యురాలు" అంటే దూరం పెట్టినట్టే ఉంటుంది. మీకంటే చిన్నవాళ్లను కూడా ఈ కాసేపు "మీరు" అనండి. ఆ రోజు మీరు మాట్లాడుతున్నది సంఘంతో.

పాత లీడరుకు ధన్యవాదాలు చెప్పాలి, కానీ ఆవిడ మీద కొందరికి కోపం ఉంది. ఏం అనాలి?

కంటికి కనిపించిన పని ఒక్కటి పట్టుకోండి. "ఎంతో సేవ చేశారు" లాంటి మాట అంటే కోపంగా ఉన్నవాళ్లు మొహాలు చూసుకుంటారు. అందరూ ఒప్పుకునే పని చెప్తే అలా జరగదు. ఉదాహరణకు, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఆ సంఘం పుస్తకాలను పాత లీడరు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టిందనుకోండి. పుస్తకాలు తడిసి ఉంటే ఐదేళ్ల పొదుపు ఎవరిది ఎంతో చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. ఆవిడతో మాటలు లేనివాళ్లు కూడా ఈ మాటకు తలూపుతారు.

"ఇకనుంచి అన్నీ సక్రమంగా జరుగుతాయి" అన్న వాక్యం మాత్రం వద్దు. మీ ఉద్దేశం ఏదైనా, ఇన్నాళ్లూ సక్రమంగా జరగలేదన్నట్టే వినిపిస్తుంది. లెక్క మీద నిజంగా అనుమానాలుంటే అవి పాత లీడరు లెక్క చదివినప్పుడు అడగాల్సినవి, ధన్యవాదాల్లో కలపాల్సినవి కావు.

అందరి పేర్లూ చెప్పాలా? ఒకరిని మర్చిపోతే బాధపడతారేమో.

పది మందే కదా, పది పేర్లూ చెప్పొచ్చు. హాజరు పట్టీ వరసలో చదివితే ఎవరూ తప్పిపోరు, ముందూ వెనకా అన్న గొడవా ఉండదు. ఒక్కొక్కరి గురించి వాక్యం చెప్పాలని మాత్రం పెట్టుకోకండి. నలుగురి దగ్గరకు వచ్చేసరికి మాటలు అయిపోతాయి, మిగిలిన ఆరుగురికి మొక్కుబడి మాటలే దక్కుతాయి. పేర్లన్నీ చదివి, సంఘం పని విడిగా నెత్తిన వేసుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే వాళ్ల పని మాత్రం చెప్పండి. పుస్తకాలు రాసే అమ్మాయి, సమావేశానికి తన వరండా ఇచ్చే పిన్నిగారు, ఇలాంటివాళ్లు.

రెండో లీడరు పాతావిడే కొనసాగుతుంటే ఆవిడ పేరు తప్పకుండా విడిగా చెప్పాలి. ఇకపై చెక్కు మీద మీ ఇద్దరి సంతకాలూ పక్కపక్కన పడేవి.

రెండు నెలలుగా వాయిదా కట్టని సభ్యురాలు ఉంది. ప్రసంగంలో చెప్పాలా?

పేరు చెప్పొద్దు. "కొందరు కట్టడం లేదు" అని చూచాయగా కూడా అనొద్దు, పది మందిలో ఆ కొందరు ఎవరో అందరికీ తెలుసు. ఆర్పీ గారి ముందు తల దించుకున్న మనిషి ఆ తర్వాతి నెల సమావేశానికే రావడం మానేస్తుంది. అప్పుడు బాకీ వసూలు ఇంకా కష్టమవుతుంది.

అయితే అంకెను దాచకూడదు. రెండు నెలల వాయిదా రూ.3,340 సంఘం నిధి నుంచి సర్ది బ్యాంకుకు కట్టి ఉంటే, ఆ మొత్తాన్ని సొంత అప్పుగా రిజిస్టరులో రాయించి, సొంత అప్పుల మొత్తంలో కలిపి చదవండి. లెక్కా నిజంగా ఉంటుంది, మనిషి పరువూ నిలుస్తుంది. ఆవిడతో మాట్లాడాల్సింది ఆవిడ ఇంటికి వెళ్లి, రెండో లీడరును తోడు తీసుకుని.

లీడరుగా ఏం మాట ఇవ్వొచ్చు? ఏం ఇవ్వకూడదు?

మీ చేతిలో ఉన్నదే మాట ఇవ్వండి. "ఈసారి పది లక్షల లోను తెప్పిస్తాను" అన్నది మీ చేతిలో లేదు. బ్యాంకు చూసేది వాయిదాలు తప్పకుండా కట్టారా, సమావేశాలు, పొదుపు, సొంత అప్పులు సరిగా నడుస్తున్నాయా, పుస్తకాలు రాస్తున్నారా అన్నది. పథకాల గురించి కూడా ఇంతే. వడ్డీ రాయితీ లాంటివి సకాలంలో కట్టిన సంఘాలకే వర్తిస్తాయని గుర్తు చేయొచ్చు గానీ, వస్తుందని హామీ ఇవ్వకూడదు.

మీ చేతిలో ఉన్నవి చిన్నవిగా కనిపిస్తాయి, కానీ సభ్యులు కోరుకునేది వాటినే. ప్రతి సమావేశంలో పాస్‌బుక్కు తెరిచి చివరి అంకె చదువుతానని చెప్పొచ్చు. వసూలైన డబ్బును మర్నాడు బ్యాంకులో కట్టి, రసీదు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతానని చెప్పొచ్చు. ఖాళీ చెక్కు మీద ఎప్పుడూ సంతకం పెట్టనని చెప్పొచ్చు. మూడు చాలు. నాలుగో నెలకు కూడా గుర్తుండి చేయగలిగేవే చెప్పండి.

కాగితం చూసి చదవొచ్చా? నాకు చదువు అంతంత మాత్రమే.

అంకెలు కాగితం చూసే చదవాలి, బాగా చదువుకున్నవాళ్లైనా సరే. మిగతా మాటలు చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. చదవడం రాకపోతే పుస్తకాలు రాసే అమ్మాయి చేత అంకెలు చదివించి, ఒక్కో అంకె తర్వాత "అంతే కదా పిన్నీ, అంతే కదా వదినా" అని మీరు అడగండి. అది ఇంకా నయం, సభ్యులు కూడా లెక్కలో పాలుపంచుకుంటారు.

నమూనా ప్రసంగం ఒకటి ఇవ్వగలరా?

సింగ్‌నగర్ సంఘానికి ఇలా ఉంటుంది. అంకెలు, పనులు మీ సంఘానివి పెట్టుకోండి.

> అందరికీ నమస్కారమండి. ఆర్పీ గారికి నమస్కారం.
>
> పిన్నులు, అక్కలు, వదినలు అందరూ కలిసి నన్ను లీడరుగా ఉండమన్నారు. తీర్మానం మీద పది మంది సంతకాలూ పడ్డాయి. సరేనండి, ఈ బాధ్యత తీసుకుంటున్నాను.
>
> ముందుగా వదినగారికి చెప్పాలి. బుడమేరు నీళ్లు వచ్చిన రోజు ఎవరి సామాను వాళ్లకే దిక్కు లేదు. వదినగారు మన పుస్తకాలు కవరులో చుట్టి అటక మీద పెట్టారు. ఇవాళ నేను లెక్క చదవగలుగుతున్నానంటే ఆ పుస్తకాలు ఉండబట్టే. వదినా, మీకు మా అందరి ధన్యవాదాలు. ఐదేళ్లుగా వరండా ఇస్తున్న పిన్నిగారికి, ఆదివారం పూట కూర్చుని పుస్తకాలు రాస్తున్న చెల్లికి కూడా.
>
> ఇప్పుడు లెక్క. మన పొదుపు లక్షా ఇరవై వేలు. దాని మీద సొంత అప్పుల వడ్డీ ఇరవై ఆరు వేలు. మొత్తం లక్షా నలభై ఆరు వేలు. ఇందులో సభ్యుల దగ్గర అప్పుగా తొంభై వేలు, బ్యాంకులో యాభై ఐదు వేల నాలుగు వందలు, ఇదిగో ఈ డబ్బాలో ఆరు వందలు. ఇది మన సొంత డబ్బు.
>
> బ్యాంకు లోను వేరు. ఐదు లక్షలు తీసుకున్నాం. పద్నాలుగు వాయిదాలు కట్టాం, ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. లోను సంఘం పేరు మీద ఉంది కాబట్టి పది మందిదీ బాధ్యత.
>
> నేను మూడు మాటలు ఇస్తున్నాను. ప్రతి సమావేశంలో పాస్‌బుక్కు తెరిచి చదువుతాను. వసూలైన డబ్బు మర్నాడు బ్యాంకులో కట్టి రసీదు గ్రూపులో పెడతాను. అంకె రాయని చెక్కు మీద సంతకం పెట్టను, ఎవరడిగినా సరే.
>
> మీ దగ్గర నేను అడిగేది ఒక్కటే. డబ్బు సర్దుబాటు కాని నెల ఉంటే వాయిదా తేదీకి ముందే చెప్పండి. ముందు చెప్తే దారి చూద్దాం. లెక్కలో ఏదైనా అడగాలంటే ఇప్పుడే అడగండి.

చివరి వాక్యం అన్నాక వెంటనే కూర్చోకండి. పది సెకన్లు ఆగండి. నోరు విప్పడానికి మొహమాటపడేవాళ్లకు ఆ కాస్త వ్యవధి కావాలి.

## మాట్లాడిన తర్వాత

నేను చెప్పిందంతా తీర్మానం పుస్తకంలో రాయాలా?

అంతా అక్కర్లేదు. లీడరు మార్పు తీర్మానం కింద నాలుగు సంగతులు రాయించండి: ఆ రోజు చదివిన అంకెలు తేదీతో సహా, పాత లీడరు అప్పగించిన వస్తువులు, మీరిచ్చిన మాటలు, తేలని తేడా ఏదైనా ఉంటే దాని మొత్తం, తేల్చే గడువు. అప్పగింత అంటే పాస్‌బుక్కులు, రిజిస్టర్లు, సంఘం స్టాంపు, చెక్‌బుక్కు. చెక్‌బుక్కు దగ్గర ఇంకొంచెం శ్రద్ధ కావాలి. మిగిలి ఉన్న చెక్కులు మొదటి నంబరు నుంచి చివరి నంబరు వరకూ రాయండి. మధ్యలో చెక్కు లేకపోతే అది ఎవరికి ఇచ్చారో కనుక్కుని పక్కన రాయండి. చివర పాత లీడరు, కొత్త లీడరు ఇద్దరూ సంతకం చేయాలి.

సమావేశం అయిపోయింది కదా, చెక్కుల మీద నేను సంతకం పెట్టొచ్చా?

ఇంకా లేదు. బ్యాంకు రికార్డులో సంతకాలు మారేదాకా పాత లీడరు సంతకమే చెల్లుతుంది. మీరు పెట్టిన చెక్కు తిరిగి వస్తుంది, చార్జీ కూడా పడొచ్చు. అందుకే సమావేశం రోజునే "మార్పు అయ్యేదాకా వదినగారు సంతకాలకు సాయం రావాలి" అని అందరి ముందూ అడిగి ఒప్పించుకోవడం మంచిది.

బ్యాంకుకు లీడర్లు ఇద్దరూ, వీలైతే పాత లీడరు కూడా వెళ్లండి. తీర్మానం పుస్తకం అసలుది, దాని జిరాక్సు మీద సంఘం స్టాంపు, కొత్త లీడరు ఆధార్, పాన్ కార్డు, ఫొటోలు పట్టుకెళ్లండి. తీర్మానంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. పుస్తకంలో పిలుపు పేరు, ఆధార్‌లో ఇంటిపేరుతో పూర్తి పేరు ఉండి తిప్పి పంపడం తరచూ జరుగుతుంది. అప్పుడు మళ్లీ పది సంతకాలూ చేయించాల్సి వస్తుంది.

సంతకాలు మార్చినంత మాత్రాన ఖాతాకు ఉన్న ఫోను నంబరు మారదు, దానికి విడిగా అడగాలి. లేకపోతే డబ్బు పడినా, కట్ అయినా మెసేజీలు పాత లీడరు ఫోనుకే పోతుంటాయి. నంబరు మారిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకులో ఉండగానే ఖాతాలో వంద రూపాయలు వేసి, మెసేజీ ఎవరి ఫోనుకు వచ్చిందో చూడండి. ఆ వంద కూడా పుస్తకంలో జమ రాయించండి.